వజ్రాల వేట వీడియోకు వచ్చిన హెచ్చరిక: అప్పీలులో ఏం రాయాలి?

ప్రశ్న: అయ్యా, మాది పత్తికొండ. పల్లెల మీద వీడియోలు తీసి ఒక చిన్న ఛానల్ నడుపుతున్నాను. తొలకరి వానలకు జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతికే జనం మీద పద్నాలుగు నిమిషాల వీడియో పెట్టాను. నాలుగో రోజు దాన్ని తీసేసి, ‘తప్పుదోవ పట్టించే మెటాడేటా’ అని హెచ్చరిక పంపినారు. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు. సపోర్టు వాళ్లకు రెండు పేజీల ఉత్తరం రాసుకున్నాను. అది, శీర్షిక, థంబ్‌నెయిల్, వివరణ, వీడియో ఫైలు అన్నీ మీకు పంపుతున్నాను. ఈ ఉత్తరం పంపవచ్చునా? లేక వీడియో తొలగించి మళ్లీ పెడితే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, పత్తికొండ, కర్నూలు జిల్లా

సమాధానం: ఆ ఉత్తరం పంపకండి. వీడియోను కూడా తొలగించకండి. ముందు రెండో మాట సంగతి చూద్దాం, ఎందుకంటే అక్కడ చేయి జారితే మొదటిదానికి అవకాశమే ఉండదు.

మీరు వేదిక పేరు రాయలేదు, రాయవలసిన అవసరమూ లేదు. అందరూ చదువుకోగలిగేలా ప్రచురించి ఉన్నాయి కనుక యూట్యూబ్ నిబంధనలను కొలబద్దగా పెట్టుకుని చెబుతాను. మీరు వాడేది వేరే వేదిక అయితే గడువులను అక్కడి నిబంధనల పుటలో ఒకసారి సరిచూసుకోండి. యూట్యూబ్‌లో ఒక హెచ్చరిక మీద ఒక్కసారే అప్పీలు చేసుకోనిస్తారు. వీడియోను మీ అంతట మీరే తొలగించినంత మాత్రాన ఛానల్ మీద పడిన మచ్చ పోదు, పైగా అప్పీలు దారి మూసుకుపోతుంది. మొదటి హెచ్చరికకు శిక్ష అంటూ ఏమీ ఉండదు, అప్‌లోడులు ఆగవు. 2023 ఆగస్టు నుంచి ఒక చిన్న శిక్షణ పాఠం పూర్తి చేసే వీలు కూడా కల్పించారు; అది పూర్తి చేసి, 90 రోజుల్లో అదే నియమాన్ని మళ్లీ దాటకుండా ఉంటే హెచ్చరిక తొలగిపోతుంది. ఆ లోపల అదే తప్పు మళ్లీ జరిగితే మాత్రం స్ట్రైక్ పడుతుంది, వారం రోజులు ఏమీ ఎక్కించలేరు; 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. కాబట్టి మీకు తొందర లేదు, కానీ దొరికేది ఒక్క అవకాశమే. నాలుగు రోజులు ఆలస్యమైనా ఆ ఒక్క ఉత్తరాన్ని సరిగా రాసుకోవాలి.

ఇక మీ రెండు పేజీలు. మొదటి పేజీలో నాలుగేళ్ల కష్టం, అప్పు చేసి కొన్న కెమెరా, మీ సబ్‌స్క్రైబర్ల సంఖ్య ఉన్నాయి. రెండో పేజీలో పక్క ఊరి ఛానల్ వాళ్లే ఫిర్యాదు చేసి ఉంటారన్న అనుమానం, ఇంతకన్నా ఘోరమైన వీడియోలు వేరేవాళ్లవి ఉన్నాయన్న వాదన, చివర కోర్టుకు వెళతానన్న హెచ్చరిక ఉన్నాయి. ఇవన్నీ నిజమే కావచ్చు. కానీ మీ అప్పీలు చదివే మనిషి ముందు ఉన్న ప్రశ్న ఒక్కటే: మెటాడేటా అంటే వీడియోకు మీరు తగిలించిన శీర్షిక, థంబ్‌నెయిల్, వివరణే; వాటిని చూసి వీడియో తెరిచిన ప్రేక్షకుడికి అవి చెప్పిన విషయం లోపల దొరికిందా, లేక ఇంకేదో దొరికిందా? నియమం మాటలు కూడా ఇంచుమించు ఇవే. లోపల లేనిది ఉన్నట్టు నమ్మించడం తప్పు అంటుందే కాని, ఆకర్షణీయంగా పేరు పెట్టడం తప్పు అనదు. ఆ ప్రశ్నకు జవాబు ఇచ్చే వాక్యం మీ రెండు పేజీల్లో ఒక్కటే ఉంది: ‘అందులో ఒక్క అబద్ధం కూడా లేదు.’ అది మీ నమ్మకం. దానికి రుజువు వీడియోలోని నిమిషాలు, సెకన్లు. అవి ఉత్తరంలో ఎక్కడా లేవు.

నేను మీ వీడియోను గడియారం పక్కన పెట్టుకుని చూశాను. నాకు కనిపించింది చెబుతాను. కొంత మీకు నచ్చకపోవచ్చు.

శీర్షిక ‘తొలకరి పడింది, పొలాల్లో వజ్రాల వేట మొదలైంది | జొన్నగిరి’. ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు. 0:40 దగ్గర తడిసిన చేను కనిపిస్తుంది, ఊరి పేరు వినిపిస్తుంది. 2:10 నుంచి 7:55 దాకా ఆడా మగా వంగి నేలను వెతుకుతూనే ఉంటారు. శీర్షికలో ఇచ్చిన మాట దాదాపు ఆరు నిమిషాల పాటు తెర మీద నిలబడింది.

అయినా చిక్కు ఎక్కడ వచ్చి ఉంటుందో నాకు తోచిన కారణం ఒకటుంది. మీ వీడియోలో మాట్లాడినవాళ్లలో ఒక్కరు కూడా ‘వజ్రం’ అనలేదు. అందరూ ‘రాయి’ అన్నారు. ‘పోయినేడు మా వదినకు రాయి దొరికింది’ అంటే ఏమిటో తుగ్గలి మండలంలో చిన్న పిల్లవాడికైనా తెలుసు. ఆ మాటను యంత్రం రాసే ఉపశీర్షికల్లోనో, అనువాదంలోనో చదివిన మనిషికి మాత్రం కొందరు పల్లెటూరివాళ్లు పొలంలో రాళ్లు ఏరుతున్నారనే అర్థమవుతుంది. శీర్షికలో వజ్రాలు, లోపల రాళ్లు! కర్నూలు చూడని మనిషికి వాన పడగానే నేలలో వజ్రాలు బయటపడతాయన్న మాటే కట్టుకథలా వినిపిస్తుంది. కనుక మీ అప్పీలు చేయవలసిన మొదటి పని కోపం చూపడం కాదు, ‘రాయి’ అన్న మాటకు అర్థం చెప్పడం. దానితో పాటు ఇది ఈ ప్రాంతంలో ఏటా నడిచే వ్యవహారమని, పొరుగున అనంతపురం జిల్లా వజ్రకరూరు దగ్గర వజ్రాలకు మూలమైన కింబర్లైట్ శిలలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించిందని ఒక్క వాక్యం రాస్తే చాలు. అశోకుడి శాసనాల దగ్గర మొదలుపెట్టి జొన్నగిరి చరిత్ర అంతా రాయకండి. మీ చిత్తుప్రతిలో ఆ ప్రయత్నం కూడా కనిపించింది.

థంబ్‌నెయిల్ దగ్గర పాలూ నీళ్లూ వేరు చేయాలి. దాని మీది మాటలు ‘ఒక్క రాయితో జీవితమే మారింది’. 8:35 నుంచి 10:20 వరకు ఒక రైతు పెద్దాయన, తనకు దొరికిన రాయిని అమ్మి అప్పు తీర్చి కూతురి పెళ్లి చేసిన సంగతి చెప్పాడు. మాటలకు ఆధారం ఉంది. బొమ్మకు లేదు. అరచేతిలో తళతళ మెరిసే, అంచులు తీర్చి సానబెట్టిన పెద్ద వజ్రాన్ని మీరు ఎక్కడినుంచో తెచ్చి అతికించారు. పొలంలో దొరికేది అలా ఉండదని నాకన్నా మీకే బాగా తెలుసు. ముడి వజ్రం నూనె రాసిన గాజు పెంకులా మసకగా ఉంటుంది, తెలియనివాడు కాలితో తన్ని పోతాడు. ఆ బొమ్మ చూసి తెరిచిన ప్రేక్షకుడు అలాంటి వజ్రం దొరికే క్షణం కోసం ఎదురు చూస్తాడు. చివరికి 12:40 దగ్గర మీ గొంతే ‘మేము ఉన్నంతసేపు ఈరోజు ఎవరికీ రాయి దొరకలేదు’ అని చెబుతుంది. ఆ వాక్యం మీ నిజాయితీకి అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. అయితే అది పన్నెండో నిమిషం దాటాక రావడం వల్ల, అంతదాకా ఊరించి కూర్చోబెట్టారన్న అనుమానానికీ తావిస్తుంది. అదే మాట మొదటి నిమిషంలో ఉండి ఉంటే ఈ హెచ్చరిక వచ్చేది కాదేమోనని నాకు అనిపిస్తుంది.

వివరణ విషయంలో మిమ్మల్ని వెనకేసుకు రాలేను. పైన ఉన్న రెండు పేరాలు చక్కగా ఉన్నాయి. అడుగున మాత్రం నలభై దాకా మాటలు వరుసగా గుప్పించారు. వాటిలో ‘ఈరోజు బంగారం ధర’, ‘ప్రభుత్వ ఉద్యోగాలు’, ‘తాజా వార్తలు’ ఉన్నాయి. వీడియోలో బంగారమూ లేదు, ఉద్యోగమూ లేదు, వార్తా లేదు. వెతికేవాళ్లకు కనబడాలని అందరూ చేసే పనే కదా అంటారు. ట్యాగులకు వేరే గడి ఇచ్చారు. వాటిని వివరణలో కుప్ప పోయడమే నియమానికి విరుద్ధం, ఇక సంబంధం లేనివి పోయడం సంగతి చెప్పేదేముంది. అన్నిటిలోకీ ‘తాజా వార్తలు’ ప్రమాదకరమైన మాట. 2024 డిసెంబరులో యూట్యూబ్ భారతదేశం గురించి ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసింది. శీర్షికలోనో థంబ్‌నెయిల్‌లోనో వార్త ఉన్నట్టు ఆశ చూపి లోపల అది లేని వీడియోల మీద, ముఖ్యంగా తాజా సంఘటనల పేరు వాడుకున్నవాటి మీద, ఇక్కడ చర్యలు గట్టిపరుస్తామని ఆ ప్రకటన సారాంశం. మీది శీర్షిక కాదు, వివరణే; అయినా ఆ మాట అక్కడ ఉండవలసిన పని లేదు.

అంటే మీకు వచ్చిన హెచ్చరిక పూర్తిగా అన్యాయమూ కాదు, పూర్తిగా న్యాయమూ కాదు. అప్పీలులో ఈ మూడింటినీ కలగలిపి ‘అన్నీ నిజమే’ అంటే, చదివే మనిషి మొదట వివరణ అడుగున ఉన్న బంగారం ధర చూసి, మిగిలినవీ ఇలాంటివే అనుకుంటాడు. బలమైనదాన్ని ముందు పెట్టి నిమిషాలతో నిరూపించాలి, సగం బలమైనదాన్ని ఉన్నంతవరకు చెప్పాలి, నిలబడనిదాన్ని ఒక్క వాక్యంలో ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే మన నోటితోనే మనం ఇరుక్కున్నట్టు కాదా అని ఇద్దరు ముగ్గురు మిత్రులు నన్ను అడిగారు. పొరపాటు వాళ్ల కంటి ముందే ఉంది. దాచడానికి ఏమీ మిగలలేదు. ఒప్పుకోవడం వల్ల ‘మోసగించాలన్న ఉద్దేశం’ అన్న అనుమానం మాత్రం పలచబడుతుంది. ఏ రూపంలో ఉండగా వీడియోను తీసేశారో దాన్నే పరిశీలిస్తారనుకుని రాయడం క్షేమం. ‘ఇప్పుడే దిద్దేశాను’ అన్న మాట మీద ఆధారపడకండి.

మీ చిత్తుప్రతి స్థానంలో ఇది వాడుకోండి. నిమిషాలను మీ దగ్గరున్న అసలు ఫైలుతో మరొకసారి పోల్చుకోండి. ఎక్కించే ముందు ముక్క కోసిన ఫైలు ఉంటే దాన్నే చూడాలి, కోయనిదాన్ని చూస్తే నిమిషాలన్నీ పక్కకు జరుగుతాయి.

‘పరిశీలకులకు నమస్కారం. జొన్నగిరి పొలాల్లో వజ్రాల అన్వేషణ గురించిన నా వీడియోకు తప్పుదోవ పట్టించే మెటాడేటా అన్న కారణంతో ఇచ్చిన హెచ్చరికను పునఃపరిశీలించవలసిందిగా కోరుతున్నాను.

శీర్షికలో చెప్పిన విషయమే వీడియోలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లోని కర్నూలు జిల్లాలో తొలి వానలకు పై మట్టి కొట్టుకుపోయిన తరువాత జనం పొలాల్లో వజ్రాల కోసం వెతకడం ఏటా జరుగుతుంది. పొరుగు జిల్లాలోని వజ్రకరూరు వద్ద వజ్రాలకు మూలమైన కింబర్లైట్ శిలలను భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ గుర్తించింది. 0:40 వద్ద ఊరు, తడిసిన పొలం కనిపిస్తాయి. 2:10 నుంచి 7:55 వరకు జనం వెతుకుతున్న దృశ్యాలే ఉన్నాయి. ఈ ప్రాంతంలో వజ్రాన్ని రాయి అని పిలుస్తారు. వీడియోలో వినిపించే రాయి అన్న మాటను అన్నిచోట్లా వజ్రం అని అర్థం చేసుకోవలసిందిగా మనవి.

థంబ్‌నెయిల్ మీద ఉన్న “ఒక్క రాయితో జీవితమే మారింది” అన్న వాక్యం 8:35 నుంచి 10:20 వరకు ఒక రైతు స్వయంగా చెప్పిన అనుభవం. చిత్రీకరించిన రోజున వజ్రం దొరికిందని నేను ఎక్కడా చెప్పలేదు. ఎవరికీ దొరకలేదని 12:40 వద్ద స్పష్టంగా చెప్పాను. థంబ్‌నెయిల్‌లోని సానబెట్టిన వజ్రం బొమ్మ విషయాన్ని సూచించడానికి వాడినది, వీడియోలో తీసినది కాదు. వీడియో తిరిగి వస్తే దాని స్థానంలో వీడియోలోని దృశ్యాన్నే పెడతాను.

వివరణ చివర విషయానికి సంబంధం లేని కొన్ని పదాలు చేర్చడం నా పొరపాటు. వాటిని తొలగిస్తాను. శీర్షిక, వీడియో ఒకే విషయాన్ని చెబుతున్నందున హెచ్చరికను ఉపసంహరించవలసిందిగా కోరుతున్నాను.’

అప్పీలు రాసే పెట్టెలో ఇదంతా పట్టకపోతే మొదట కోయవలసింది వజ్రకరూరు వాక్యం, ఆ తరువాత 0:40 వాక్యం. ‘రాయి’ గురించిన వాక్యాన్నీ, 12:40 వాక్యాన్నీ ఏమైనా సరే వదలకండి. పంపేటప్పుడు దీన్ని ఇంగ్లీషు బాగా వచ్చినవారి చేత రాయించి పంపడం మేలు; యంత్రం మీద వదిలేస్తే ‘వజ్రాల వేట’ దగ్గరా ‘తొలకరి’ దగ్గరా అది తడబడవచ్చు, మన గొడవ మొదలైందే మాటల తేడాతో. మీ ఊరి హైస్కూలు ఇంగ్లీషు అయ్యవారిని అడిగితే పది నిమిషాల పని.

పంపే చోటు కూడా ముఖ్యమే. మీరు సపోర్టు ఈమెయిలుకు పంపాలనుకున్నారు. అక్కడికి పంపిన విన్నపం అప్పీలుగా లెక్కకు రాకపోవచ్చు. YouTube Studio లో Content జాబితా తెరిచి, ఆ వీడియో ఎదురుగా Restrictions వరుసలో కనిపించే కారణం మీదకు వెళితే Appeal దారి దొరుకుతుంది. పంపే ముందు హెచ్చరిక పుటను, శీర్షికను, వివరణను తెరపట్లు తీసి పెట్టుకోండి. ఫలితం ఈమెయిల్లో వస్తుంది. అది వచ్చేలోగా అదే వీడియోను మరో పేరుతో ఎక్కించకండి. తీసేసినదాన్ని దొడ్డిదారిన తెచ్చారన్న కొత్త నింద మీద పడుతుంది. ఈ ఖాళీలో మీ పాత వీడియోల వివరణలు తెరిచి చూడండి. ఈ నలభై మాటల మూట ఒక్క వీడియోకే కట్టారని నేను అనుకోను. రెండో వీడియో కూడా ఇదే కారణంతో దొరికితే వచ్చేది హెచ్చరిక కాదు, స్ట్రైక్.

గెలుస్తారా అని అడిగితే, శీర్షిక వరకే అయితే గెలుస్తారనే అంటాను. వివరణను లెక్కలోకి తీసుకుంటే అంత ధైర్యంగా చెప్పలేను. తిరస్కరిస్తే శిక్షణ పాఠం పూర్తి చేసి 90 రోజులు ఆగండి. ఆ తరువాత 12:40 దగ్గరి మాటను మొదటి నిమిషంలోకి తెచ్చి, కొత్త థంబ్‌నెయిల్‌తో వీడియోను తిరిగి కూర్చుకోవచ్చు. కోర్టు సంగతి అంటారా, దానికి ముందు ఇంకో మెట్టు ఉంది. 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ఇక్కడ పనిచేసే ప్రతి పెద్ద వేదికకు ఫిర్యాదుల అధికారి ఉండాలి. తన అంతట తానే ఒక వీడియోను తీసేసినప్పుడు కారణం తెలిపి, దాన్ని ప్రశ్నించే అవకాశం కూడా వాడేవారికి ఇవ్వాలి. ఆ అధికారి జవాబు మీకు సమ్మతం కాకపోతే, అది అందిన 30 రోజుల్లోపల కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన ఫిర్యాదుల అప్పీలు కమిటీకి ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు, వకీలు అవసరం లేదు. అక్కడికి వెళ్లవలసి వస్తే జతచేయవలసింది కూడా ఈ ఉత్తరమే, ఈ నిమిషాలే. అందుకని పంపిన ప్రతిని, వచ్చిన జవాబును తేదీలతో సహా భద్రపరచుకోండి.

థంబ్‌నెయిల్ కోసం బయట వెతకవద్దు. 6:20 దగ్గర ఒక అవ్వ గుప్పిట్లోని తడి మట్టిని వేలితో కదుపుతూ, కళ్లు చికిలించి చూస్తుంది. మీరు అతికించిన వజ్రం కన్నా ఆ చెయ్యే నన్ను ఎక్కువసేపు ఆపింది.